పారశీక సంభావనార్థకం, ఆంగ్ల అభ్యర్థన: మర్యాద అనువాదంలో క్రియారూపాల పాత్ర

వ్యాససంగ్రహం:

పారశీక భాషలో అభ్యర్థన, ఆతిథ్య వాక్యాలు ఎక్కువగా సంభావనార్థక క్రియలపై ఆధారపడతాయి. ఆంగ్లం ఆ పనిని ‘కుడ్’, ‘వుడ్’ వంటి భూతకాల సహాయక క్రియలకు అప్పగించింది. ఈ తేడాను గమనించక ఒక భాషలోని క్రియారూపానికి మరో భాషలో అదే పేరున్న రూపాన్ని నిలిపితే అభ్యర్థన నిష్ఠూరంగానూ, ఆతిథ్యం ఆజ్ఞగానూ మారుతుంది. ఇరాన్‌లో వాడుకలో ఉన్న పారశీకాన్ని ఆధారం చేసుకొని, ఒక అభ్యర్థన వాక్యాన్ని, ఒక ఆతిథ్య సన్నివేశాన్ని విశ్లేషించి, అనువాదంలో రూపం కంటే నిర్ణయాధికారం ఎవరిదన్న అంశమే ప్రధానమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పారశీకం, సంభావనార్థకం, చేదర్థకం, తఆరొఫ్, అభ్యర్థన, ఆతిథ్యం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారు నినాదాలలో వాడే ‘జిందాబాద్’ పారశీక పదబంధం. ‘జెందె’ అంటే సజీవం, ‘బాద్’ అంటే అగుగాక. ‘అవడం’ అనే అర్థమున్న ‘బూదన్’ ధాతువుకు చెందిన ప్రాచీన ఆశీరర్థక రూపమే ఈ ‘బాద్’. నేటి పారశీకంలో ఇది ఇలాంటి కొన్ని పదబంధాలకే పరిమితమైంది. జరగని పనిని, జరగాలని కోరే పనిని, జరగవచ్చునని ఊహించే పనిని చెప్పే బాధ్యతను ఇప్పుడు సంభావనార్థకం మోస్తోంది. పారశీక వ్యాకర్తలు దీనిని ‘మొజారె-యె ఎల్తెజామీ’ అంటారు.

ఆంగ్లంలో రాసిన పారశీక వ్యాకరణాలలో ఈ రూపానికి ‘ఐ మే గో’ వంటి అర్థాన్ని ఇవ్వడం పరిపాటి. రూపాలను వల్లె వేయడానికి అది సరిపోతుంది గాని, మనుషులు ఒకరినొకరు ఏదైనా అడిగేటప్పుడు, ఒకరికొకరు ఏదైనా అందించేటప్పుడు ఈ రూపం చేసే పనిని అది చెప్పదు. ఆ పనిని గుర్తించి, ఆంగ్లంలో దానికి సాటి వచ్చేది ఏమిటో నిర్ణయించడం ఈ వ్యాసంలో చర్చనీయాంశం. అఫ్ఘానిస్తాన్, తజికిస్తాన్‌లలోని భాషారూపాలు ఈ పరిశీలన పరిధిలోకి రావు.

2. సంభావనార్థకం: రూపం, ప్రయోజనం:

రూప నిర్మాణం సరళమైనది. వర్తమాన ధాతువుకు ముందు ‘బె-’ అనే పూర్వప్రత్యయం, చివర పురుషవాచక ప్రత్యయం చేరుతాయి. ‘రఫ్తన్’ (వెళ్లడం) వర్తమాన ధాతువు ‘రవ్’. కాబట్టి ‘బెరవమ్’ (నేను వెళ్లేది), ‘బెరవద్’ (అతడు వెళ్లేది), ‘బెరవీద్’ (మీరు వెళ్లేది). ‘బె-’ స్థానంలో ‘మీ-’ చేరితే అది నిశ్చయార్థకం: ‘మీరవమ్’ అంటే ‘వెళ్తాను’ లేదా ‘వెళ్తున్నాను’. వ్యతిరేకంలో ‘బె-’ తొలగి ‘న-’ వస్తుంది. ‘బాజ్ కర్దన్’ (తెరవడం) వంటి సంయుక్త క్రియలలో ‘బె-’ తరచుగా లోపిస్తుంది.

ఈ రూపం ఒంటరిగా ప్రశ్నగా వచ్చినప్పుడు దాని స్వభావం స్పష్టమవుతుంది. ‘చాయ్ బియావరమ్?’ అనే వాక్యంలో ఉన్నది ‘తేవడం’ అనే క్రియకు ఉత్తమపురుష సంభావనార్థకం మాత్రమే. తెలుగులో దీనికి ‘టీ తేనా?’ అన్నది చక్కని సమానార్థకం. మాట్లాడేవాడు పని చేస్తానని చెప్పడం లేదు, చేయగలనని కూడా చెప్పడం లేదు. పనిని ఎదుటివాని ముందు నిలిపి, అది జరగాలా వద్దా అన్న నిర్ణయాన్ని అతనికి వదిలిపెడుతున్నాడు. అభ్యర్థనలోనూ ఇదే జరుగుతుంది. ‘మీషవద్ పంజరె రా బాజ్ కొనీద్?’ అన్న వాక్యానికి మాటకు మాట అర్థం ‘మీరు కిటికీ తెరవడం అవుతుందా?’ అని. ‘మీషవద్’ అనే నిశ్చయార్థక క్రియ సాధ్యాసాధ్యాలను ప్రశ్నిస్తుంది. ‘బాజ్ కొనీద్’ అనే సంభావనార్థకం శ్రోత చేయవలసిన పనిని ఇంకా జరగనిదిగా నిలిపి ఉంచుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన రూపసామ్యాన్ని గమనించాలి. ‘నువ్వు’ అనే ఏకవచన సంబోధనలో విధ్యర్థకం, సంభావనార్థకం వేరువేరుగా ఉంటాయి. ‘బొరొ’ అంటే ‘వెళ్లు’, ‘బెరవీ’ అంటే ‘నువ్వు వెళ్లేది’. ‘మీరు’ అనే గౌరవ సంబోధనలో మాత్రం రెండూ ఒకటే: ‘బెరవీద్’. గౌరవంగా ఆజ్ఞాపించడానికీ, గౌరవంగా అవకాశం ఇవ్వడానికీ పారశీకంలో ఒకే రూపం ఉంది. ఆ రూపం ఆజ్ఞో ఆహ్వానమో తేల్చేది దాని చుట్టూ ఉన్న మాటలు, సందర్భం. అనువాదకుడు దీనిని ప్రతిసారీ విధ్యర్థకంగానే చదివితే తప్పు చేస్తాడు. ప్రతిసారీ సంభావనార్థకంగానే చదివినా తప్పే.

3. చేదర్థకం: భూతకాల రూపం చేసే పనులు:

పారశీకంలో చేదర్థకానికి ప్రత్యేకమైన క్రియారూపం లేదు. ‘అగర్’ (అయితే) అనే అవ్యయం తరువాత జరిగే వీలున్న షరతుకు సంభావనార్థకం వస్తుంది: ‘అగర్ బియాయద్’ అంటే ‘అతడు వస్తే’. జరగని షరతుకు ‘మాజీ-యె ఎస్తెమ్‌రారీ’, అంటే నిరంతర భూతకాలం వస్తుంది: ‘అగర్ మీదానెస్తమ్, మీఆమదమ్’. దీనికి ‘తెలిసి ఉంటే వచ్చేవాణ్ని’ అనీ, సందర్భాన్ని బట్టి ‘నాకు తెలిస్తే వచ్చేవాణ్నే, కానీ తెలియదు’ అనీ అర్థం. గతానికైనా వర్తమానానికైనా అవాస్తవాన్ని ఒకే రూపం చెబుతుంది.

ఆంగ్లంలోనూ భూతకాల రూపాలు అవాస్తవాన్ని చెబుతాయి. అయితే అవి మరో పని కూడా చేస్తాయి. ‘కుడ్ యు ఓపెన్ ద విండో?’ అన్నప్పుడు ‘కుడ్’ గతాన్ని గాని అవాస్తవాన్ని గాని సూచించదు. అడిగేవాడికీ అడిగిన పనికీ మధ్య కొంత దూరం పెట్టి, శ్రోత కాదనడానికి చోటు కల్పిస్తుంది. రూపాన్ని మాత్రమే చూసేవారికి పారశీకంలో దీనికి సమానంగా కనిపించేది ‘మీతవానెస్తీద్’. అది ‘తవానెస్తన్’ (చేయగలగడం) అనే క్రియకు నిరంతర భూతకాలం. కాని ‘మీతవానెస్తీద్ పంజరె రా బాజ్ కొనీద్’ అంటే సాధారణంగా వినబడేది ‘కిటికీ తెరిచి ఉండవచ్చు కదా’ అనే నిష్ఠూరం. ‘మీతవానెస్తీద్ బె మన్ బెగూయీద్’ అంటే ‘నాకు ఒక మాట చెప్పి ఉండవచ్చు కదా’ అని. ఆంగ్లం నుంచి పారశీకంలోకి అభ్యర్థనలను అనువదించే విద్యార్థి తరచుగా ఈ గుంటలోనే పడతాడు. ఇక్కడ సరైన పారశీక రూపం వర్తమాన నిశ్చయార్థకమే: ‘మీతవానీద్ పంజరె రా బాజ్ కొనీద్?’ దీనిని ఆంగ్లంలోకి మార్చేటప్పుడు కాలాన్ని నిలబెట్టుకుంటూ ‘కెన్ యు’ అంటే చనువు ఎక్కువైనట్లు తోచే సందర్భాలున్నాయి. పరిచయం లేనివారి మధ్య, హోదాలో తేడా ఉన్నవారి మధ్య ‘కుడ్ యు’ అనడమే న్యాయం.

అలాగని పారశీక భూతకాలానికి మర్యాద తెలియదని అనలేము. ‘మీఖాస్తమ్’ (కోరుతూ ఉంటిని) అనే రూపం అభ్యర్థనకు ఎంతో పరిచితమైన నాంది. ఇక్కడ కోరిక ఇప్పటిదే అయినా గతంలోకి జరపడం వల్ల అది శ్రోతపై ఒత్తిడి తేదు. కాబట్టి భూతకాలం ఎవరి క్రియకు చేరుతుందో చూడాలి. పారశీకంలో వక్త తన కోరికను భూతకాలంలో చెబితే అది వినయం. శ్రోత సామర్థ్యాన్ని భూతకాలంలో చెబితే అది నిష్ఠూరం. ఆంగ్లం ఈ హద్దు పాటించదు. వక్త కోరికనూ (‘ఐ వాంటెడ్ టు ఆస్క్’), శ్రోత సామర్థ్యాన్నీ (‘కుడ్ యు’) రెండింటినీ భూతకాలంలో పెట్టి మర్యాద సాధిస్తుంది. అనువాద సమస్యకు మూలం ఈ అసమానతే.

4. అభ్యర్థన: ఒక వాక్య పరిశీలన:

ఈ అసమానత ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూడడానికి, ఒక పరిశోధక విద్యార్థి తన ఆచార్యునికి సిఫారసు లేఖ కోసం రాసే వాక్యాన్ని తీసుకుందాం. విశ్లేషణ కోసం కూర్చిన ఉదాహరణ ఇది:

‘మీఖాస్తమ్ అజ్ హొజూరెతాన్ ఖాహెష్ కొనమ్, అగర్ బరాయెతాన్ మొమ్‌కెన్ బాషద్, యెక్ తౌసియె-నామె బరాయమ్ బెనెవీసీద్.’

తెలుగులో మాటకు మాట: ‘మీ సముఖం నుంచి మనవి చేయాలని కోరుతూ ఉంటిని, మీకు సాధ్యమయ్యేదైతే, ఒక సిఫారసు లేఖ నాకోసం మీరు రాసేది.’

ఇందులో నాలుగు క్రియలున్నాయి. ‘మీఖాస్తమ్’ నిరంతర భూతకాలం. మిగిలిన మూడూ, అంటే ‘ఖాహెష్ కొనమ్’ (మనవి చేయడం), ‘బాషద్’ (అవడం), ‘బెనెవీసీద్’ (రాయడం) సంభావనార్థకాలు. వక్త కోరిక గతంలోకి జరిగింది. మనవి, సాధ్యత, రచన మూడూ జరగనివిగా ఆచార్యుని నిర్ణయం కోసం నిలిచి ఉన్నాయి. వినయం పొరలు పొరలుగా ఏర్పడడం ఇందులో కనిపిస్తుంది.

ఇప్పుడు క్రియకు క్రియ నిలిపే అనువాదం ఎక్కడ దెబ్బతింటుందో పరిశీలిద్దాం. మొదటి ప్రమాదం ‘మీఖాస్తమ్’ను ‘బెనెవీసీద్’తో నేరుగా కలపడం. మధ్యనున్న ‘ఖాహెష్ కొనమ్’ను అలంకారంగా భావించి వదిలేస్తే ‘ఐ వాంటెడ్ యు టు రైట్ ఎ లెటర్ ఫర్ మీ’ అనే వాక్యం వస్తుంది. వ్యాకరణం నిర్దోషం. అర్థం మాత్రం ‘మీరు రాయాలని నేను కోరుకున్నాను, మీరు రాయలేదు’ అని వినబడే అవకాశం ఉంది. ఆంగ్లంలో కోరే క్రియకు శ్రోత కర్మగా మారితే అది అధికారి మాటలా ధ్వనిస్తుంది. అందువల్ల ‘మనవి’ అనే క్రియ ఇక్కడ అలంకారం కాదు, వాక్యానికి ఆధారం. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’ అన్నప్పుడు విద్యార్థి కోరేది అడగడాన్ని మాత్రమే. రాయడం ఆచార్యుని చేతిలోనే ఉంటుంది.

రెండవ ప్రమాదం ‘అగర్ మొమ్‌కెన్ బాషద్’. పారశీకంలో ‘అగర్ మొమ్‌కెన్ అస్త్’ (సాధ్యమైతే) అని నిశ్చయార్థకంలోనూ చెప్పవచ్చు. ‘బాషద్’ వాడితే సందిగ్ధత ఒక మెట్టు పెరిగి వినయం హెచ్చుతుంది. దీనికి ఆంగ్ల వ్యాకరణంలో సంభావనార్థకంగా మిగిలిన ‘ఇఫ్ ఇట్ వర్ పాసిబుల్’ను నిలపాలనిపించడం సహజం. కాని అది అవాస్తవ కల్పన. ‘సాధ్యమై ఉంటే బాగుండేది, కాదుగా’ అనే నిరాశ అందులో తొంగిచూస్తుంది. ‘ఇఫ్ ఇట్ బి పాసిబుల్’ అన్నది పాతకాలపు శైలి. క్రియ లేని ‘ఇఫ్ పాసిబుల్’ వాడితే వాక్యం క్లుప్తంగా, కార్యాలయ భాషలా ఉంటుంది. పారశీకంలో షరతుపై ఉన్న సందిగ్ధతను ఆంగ్లంలో షరతుపై కాక ప్రధాన క్రియపై పెట్టడమే మార్గం. అంటే ‘బాషద్’లోని వినయం ‘వుడ్ బి ఏబుల్’లోకి చేరుతుంది.

మూడవది ‘అజ్ హొజూరెతాన్’. ‘మీ సముఖం నుంచి’ అనే ఈ గౌరవవాచకానికి ఆంగ్ల వాక్యంలో చోటు లేదు. దానిని బలవంతంగా నిలిపితే హాస్యాస్పదమవుతుంది. ఆ గౌరవాన్ని లేఖ ప్రారంభంలోని సంబోధనకు, ముగింపులోని కృతజ్ఞతకు పంచాలి.

ఈ మూడింటినీ కలుపుకుంటే ఆంగ్లంలో నిలిచే వాక్యం ఇది: ‘ఐ వజ్ వండరింగ్ వెదర్ యు వుడ్ బి ఏబుల్ టు రైట్ మీ ఎ లెటర్ ఆఫ్ రికమెండేషన్.’ ఇందులో ‘వజ్ వండరింగ్’ పారశీక ‘మీఖాస్తమ్ ఖాహెష్ కొనమ్’ను మోస్తుంది. ‘వుడ్ బి ఏబుల్’ ఒక్కటే ‘బాషద్’, ‘బెనెవీసీద్’ రెండింటి భారాన్నీ మోస్తుంది. పారశీక సంభావనార్థకాలు మూడింటిలో ఒక్కటి కూడా ఆంగ్లంలో సంభావనార్థకంగా మిగలలేదు. అయినా నిర్ణయాధికారం ఆచార్యునిదే అన్న భావం చెక్కుచెదరలేదు. అనువాద సాఫల్యానికి కొలమానం ఇదే.

5. ఆతిథ్యం: విధిరూపంలోని మర్యాద:

అభ్యర్థనలో పని చేసేది శ్రోత, లాభం వక్తది. ఆతిథ్యంలో లాభం శ్రోతది. జెఫ్రీ లీచ్ 1983లో ప్రచురించిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రాగ్మాటిక్స్’ గ్రంథంలో ప్రతిపాదించిన లాభనష్టాల కొలబద్ద ఇక్కడ ఉపకరిస్తుంది. శ్రోతకు లాభమైన పనిని సూటిగా విధించడం మర్యాద, శ్రోతకు శ్రమ కలిగించే పనిని సూటిగా విధించడం అమర్యాద. అభ్యర్థన పాఠంలో నేర్చుకున్న ‘కుడ్ యు’ను ఆతిథ్యానికి కూడా వాడి ‘కుడ్ యు ఈట్ సమ్ ఫ్రూట్?’ అంటే, ఆ పండు తినడం అతిథి చేసిపెట్టవలసిన సాయంలా వినబడుతుంది.

పారశీక ఆతిథ్యంలో ప్రధానమైన మాట ‘బెఫర్మాయీద్’. ‘ఫర్మూదన్’ అంటే ఆజ్ఞాపించడం. కాబట్టి మాటకు మాట ‘ఆజ్ఞాపించండి’ అని అర్థం. ఇక్కడ విధి, సంభావన ఒకే రూపంలో కలిసిన సంగతి పైన చూశాము. అతిథిని ఆజ్ఞాపించేవాని స్థానంలో కూర్చోబెట్టే విధిరూపం ఇది. తెలుగులో ‘దయచేయండి’ అన్నది లోపలికి పిలవడానికి వాడే మాటగా మారినట్లే, ఇది కూడా అసలు అర్థాన్ని దాటి సందర్భాన్ని బట్టి అర్థాన్ని మార్చుకుంటుంది. అందుకే ఆంగ్లంలో దీనికి ఒక్క సమానపదం ఉండదు. గుమ్మం దగ్గర ‘ఆఫ్టర్ యు’, కుర్చీ చూపుతూ ‘ప్లీజ్ హావ్ ఎ సీట్’, పళ్లెం ముందుకు జరుపుతూ ‘ప్లీజ్ హెల్ప్ యువర్‌సెల్ఫ్’, వస్తువు చేతికిస్తూ ‘హియర్ యు ఆర్’ అనాలి.

అసలు చిక్కు అతిథి సమాధానంలో ఉంది. ‘చాయ్ బియావరమ్?’ (టీ తేనా?) అని ఇంటివారు అడుగుతారు. అతిథి ‘న, జహ్మత్ నకెషీద్’ (వద్దు, శ్రమ తీసుకోకండి) అంటాడు. ‘నకెషీద్’ రూపంలో నిషేధార్థకం. ప్రయోజనంలో మాత్రం నిషేధం కాకపోవచ్చు. ఇంటివారి శ్రమను తాను గుర్తించానని అతిథి చెప్పుకుంటున్నాడు. ఇంటివారు మళ్లీ అడుగుతారు, లేదా అడగకుండానే టీ తెచ్చి ‘బెఫర్మాయీద్’ అంటారు. అతిథి తీసుకుంటాడు. ‘తఆరొఫ్’ అనే ఈ మర్యాద విధానాన్ని సోఫియా కౌట్లకీ 2002లో ‘జర్నల్ ఆఫ్ ప్రాగ్మాటిక్స్’లో రాసిన వ్యాసంలో చర్చించారు. ఆతిథ్యాన్ని శ్రోత స్వేచ్ఛకు భంగం కలిగించే చర్యగా చూసే బ్రౌన్, లెవిన్సన్‌ల సిద్ధాంతం పారశీక సందర్భానికి చాలదని, ఇక్కడ ఆతిథ్యం ఇరువురి గౌరవాన్ని పెంచే చర్య అని ఆమె వాదం. పట్టుబట్టడం ఒత్తిడిగా కాక ఆదరంగా ఎందుకు స్వీకరించబడుతుందో దీనివల్ల అర్థమవుతుంది.

ఈ సంభాషణను ఆంగ్లంలోకి తెచ్చేటప్పుడు ‘న, జహ్మత్ నకెషీద్’ను ‘నో, థాంక్ యు’గా మారిస్తే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఆంగ్ల పాఠకుడు అతిథికి టీ వద్దని నమ్ముతాడు. ఆ తరువాత వచ్చే రెండవ ఆహ్వానం మొండితనంలాగా, అతిథి టీ తాగడం మాట మార్చడంలాగా కనిపిస్తాయి. ‘ప్లీజ్ డోంట్ గో టు ఎనీ ట్రబుల్’ అంటే ద్వారం తెరిచే ఉంటుంది, ఎందుకంటే ఇది టీ గురించి కాక శ్రమ గురించిన మాట. దానికి ఇంటివారి నోట ‘ఇట్స్ నో ట్రబుల్. డు హావ్ సమ్’ అన్నది సహజమైన బదులు. ‘డు’ చేర్చిన విధిరూపం ఆంగ్లంలో ఆదరపూర్వకమైన ఒత్తిడికి దొరికే సాధనం. ఇలా పారశీక విధిరూపం ఆంగ్లంలోనూ విధిరూపంగానే మిగిలింది. అభ్యర్థనలో రూపాన్ని మార్చక తప్పలేదు, ఆతిథ్యంలో రూపాన్ని నిలపడమే మేలైంది.

నిజమైన తిరస్కారానికి పారశీకంలో వేరే గుర్తులున్నాయి. ‘తఆరొఫ్ నెమీకొనమ్’ (నేను మర్యాదకు అనడం లేదు), ‘వాగెఅన్ మెయ్ల్ నదారమ్’ (నిజంగా తీసుకోవాలని లేదు) అన్నప్పుడు క్రియలు నిశ్చయార్థకంలోకి మారతాయి. తిరస్కారం నిశ్చయార్థకంలో వచ్చిన చోట ‘నో, రియల్లీ, ఐ కుడ్‌న్ట్’ వంటి ముగింపు మాట వాడవచ్చు. మూల వాక్యంలోని క్రియ నిషేధార్థకమా నిశ్చయార్థకమా అని చూడడం అనువాదకునికి మంచి ఆధారం. అయితే అది ఒక్కటే చాలదు, తరువాతి సంభాషణను కూడా చదివి నిర్ధారించుకోవాలి.

6. అనువాదాన్ని పరీక్షించే పద్ధతి:

అనువాదం మర్యాదను మోసిందో లేదో తెలుసుకోవడానికి, అనువదించిన వాక్యానికి ఆంగ్ల శ్రోత సహజంగా ఇచ్చే జవాబును ఊహించడం ఉపకరిస్తుంది. సిఫారసు లేఖ అడిగిన వాక్యానికి ‘తప్పకుండా, ఎప్పటికి కావాలి?’ అనో, ‘ఇప్పుడు వీలుపడదు’ అనో జవాబు రాదగినట్లుంటే అది అభ్యర్థనగా నిలిచింది. ‘క్షమించండి, నాకు తెలియలేదు’ అని రాదగినట్లుంటే అది నిష్ఠూరంగా మారింది. ఏదో ఒక భూతకాల రూపం అవాస్తవాన్ని సూచిస్తోందన్నమాట. ‘అలాగే’ తప్ప మరో జవాబుకు చోటు లేకపోతే అది ఆజ్ఞ అయింది. ఆతిథ్యంలో ఈ పరీక్ష తిరగబడుతుంది. అక్కడ అతిథి మొదటి మాటకే ఇంటివారు పళ్లెం వెనక్కి తీసుకునేలా ఉంటే అనువాదం విఫలమైనట్లే.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. పారశీక సంభావనార్థకం తనంతట తాను మర్యాద కాదు. అది పనిని జరగనిదిగా నిలిపి నిర్ణయాన్ని శ్రోతకు అప్పగిస్తుంది. మర్యాద ఆ అప్పగింతలో ఉంది.

2. మర్యాద కోసం భూతకాలాన్ని పారశీకం వక్త కోరికకు వాడుతుంది, శ్రోత సామర్థ్యానికి వాడదు. ఆంగ్లం రెండింటికీ వాడుతుంది. కాబట్టి ‘కుడ్ యు’కు ‘మీతవానెస్తీద్’ సమానం కాదు.

3. అభ్యర్థనలో పారశీక సంభావనార్థకాన్ని ఆంగ్ల సంభావనార్థకంగా మార్చకూడదు. షరతులోని సందిగ్ధతను ప్రధాన క్రియ పక్కనున్న సహాయక క్రియకు బదిలీ చేయాలి.

4. ఆతిథ్యంలో విధిరూపాన్ని మెత్తబరచనవసరం లేదు. అతిథి మొదటి నిరాకరణను మాత్రం తలుపు మూయని మాటతో అనువదించాలి.

ఒకే వాక్యరూపం ఒకచోట మారవలసి రావడం, మరోచోట మారకుండా నిలవడం అనువాద అస్థిరత కాదు. లాభం ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు మారినప్పుడు రూపం మారుతుంది. పారశీక పాఠాన్ని ఆంగ్లంలోకి తెచ్చేవారు వ్యాకరణ పట్టికను తెరిచే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి.